ఏడడుగులు నడిచాక ఏడు మాటలు

మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు నోరు తెరిచి చెప్పే మాటలు ఎన్ని ఉంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? రెండు పూటలు మంత్రాలు నడుస్తాయి. పురోహితుడు చెబుతాడు, పెళ్ళికొడుకు తిరిగి అంటాడు, మామగారు అంటాడు. పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చుంటుంది, లే అంటే లేస్తుంది, చెయ్యి పట్టమంటే పడుతుంది. మా వైపు ఆమె గొంతు మొదటిసారి వినిపించేది అత్తవారింటి గడప దగ్గర. ఆడపడుచు అడ్డంగా నిలబడి, పేర్లు చెప్పందే లోపలికి రానివ్వనంటుంది. అప్పుడు "ఫలానా గారూ నేనూ వచ్చాం" అని సిగ్గుపడుతూ ఒక్క వాక్యం చెబుతుంది. అది శాస్త్రంలో లేదు, ఆడవాళ్ళు పెట్టుకున్న వేడుక. అదొక్కటే తెలుగులో ఉంటుంది, అదొక్కటే ఆమెకు అర్థమయ్యే భాషలో ఉంటుంది.

పెళ్ళయిన పాతికేళ్ళకు పిల్లల ముందు, పాత స్నేహితుల ముందు మళ్ళీ మాట ఇచ్చుకునే అలవాటు ఇప్పుడు మన ఇళ్ళలోకీ వస్తోంది కదా. చాలామంది కేకు, దండలు, ఫొటోలు దాకా ఆలోచిస్తారు. మైకు చేతికిచ్చి "ఏమైనా చెప్పండి" అన్నప్పుడు మాత్రం ఇద్దరూ బిగుసుకుపోతారు. ఏం చెప్పాలో తెలియక కాదని నా అనుమానం. మొదటిసారి ఏం చెప్పుకున్నారో తెలియకుండా రెండోసారి ఏం చెబుతారు? అందుకని ముందు ఆ మొదటి మాటల సంగతి చూద్దాం.

కన్యాదానం దగ్గర అందరికీ తెలిసిన మాట ఒకటుంది, నాతిచరామి. సినిమాల పుణ్యమా అని అది పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి చేసే ప్రమాణం అనుకుంటాం. నిజానికి అడిగేది ఆమె తండ్రి. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను దాటి నడవకూడదని ఆయన అంటే, దాటనని అల్లుడు ఒప్పుకుంటాడు. ఇప్పుడు మోక్షాన్ని కూడా కలిపి చెప్పేవాళ్ళున్నారు. ఏదైనా, ఆ జవాబు ఇద్దరు మగవాళ్ళ మధ్య నడిచిన మాట. పక్కనే కూర్చున్న పిల్ల దానికి సాక్షి మాత్రమే.

తర్వాత పాణిగ్రహణం. ఇక్కడ పెళ్ళికొడుకు నిజంగానే ఆమెతో మాట్లాడతాడు. నాతోపాటు ముసలిదానివయ్యేదాకా ఉండాలని నీ చెయ్యి పట్టుకుంటున్నాను అని ఆ మంత్రం భావం. ఇరవై రెండేళ్ళ పిల్లతో మొదటి మాటే ముసలితనం గురించి! ఇది ఋగ్వేదం పదో మండలంలో ఎనభై అయిదో సూక్తంలోది. ఆ సూక్తానికి ఋషిగా చెప్పే పేరు సూర్యా సావిత్రి, ఒక స్త్రీ. పెళ్ళిమంత్రాల్లో ముఖ్యమైనవి ఎన్నో ఆ సూక్తంలోవే. చూసింది స్త్రీ అని చెబుతారు, చదివేది మాత్రం మగవాళ్ళు. డిగ్రీలో ఉండగా ఈ సంగతి తెలిసినప్పుడు నేను చాలా రోజులు అందరికీ చెబుతూ తిరిగాను.

పేలాలు హోమం చేసేటప్పుడు మరో విచిత్రం. పేలాలు వేసే దోసిలి ఆమెది. నా భర్త నిండు నూరేళ్ళు ఉండాలి అనే కోరికా ఆమెదే. కానీ మంత్రం "ఈ స్త్రీ ఇలా కోరుకుంటోంది" అన్న పద్ధతిలో ఉంటుంది, మా వైపు పెళ్ళిళ్ళలో దాన్ని అనేది పెళ్ళికొడుకే. ఆమె ప్రార్థన కూడా ఆయన నోటి నుంచే.

ఇక సప్తపది. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, సప్తపది ఆచారం ఉన్నవాళ్ళకు ఏడో అడుగు పడగానే పెళ్ళి పూర్తయినట్టు. తాళి సంగతి ఆ సెక్షన్‌లో లేదు. ఏడు అడుగులకూ ఏడు కారణాలు చెబుతారు. మొదటిది అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం, నాలుగోది సుఖం కోసం, అయిదోది పశువుల కోసం. ఆరోదాని దగ్గర గృహ్యసూత్రాన్ని బట్టి కొంచెం తేడా వస్తుంది, ఋతువులని కొందరిలో, సంపద అని కొందరిలో. ఏడు దాటాక వచ్చేదే నాకు అన్నిటికంటే ఇష్టం. ఏడడుగులు నడిచావు కనుక నాకు స్నేహితురాలివి కా, నీ స్నేహం నాకు దక్కాలి, దాని నుంచి నేను విడిపోకూడదు, నువ్వూ విడిపోకూడదు అంటాడు. యజమానినని అనడు, దేవుణ్ణని అనడు. స్నేహం అడుగుతాడు. అడిగి, జవాబు కోసం ఆగకుండా పురోహితుడు తరవాతి మంత్రానికి వెళ్ళిపోతాడు.

అన్నట్టు, ఏడేడు జన్మల బంధం అంటుంటాం చూడండి, ఆ ఏడడుగుల మంత్రాల్లో జన్మల మాట లేదు. ఉన్నవి అన్నం, పశువులు, సుఖం. ఈ జన్మకే సరిపోయేంత పని.

స్నేహానికీ ఏడుకీ సంబంధం పెళ్ళికంటే విశాలమైనది. పాణిని తన వ్యాకరణంలో 'సాప్తపదీనం' అంటే స్నేహం అని ప్రత్యేకంగా ఒక సూత్రమే పెట్టాడు. కుమారసంభవం అయిదో సర్గలో, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు పార్వతితో మంచివాళ్ళ స్నేహం ఏడు పదాలతోనే కుదురుతుందంటాడు. పదం అంటే అడుగూ అవుతుంది, మాటా అవుతుంది. ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహం అని ఒక అర్థం, ఏడు మాటలు కలిసి మాట్లాడుకుంటే స్నేహం అని ఇంకో అర్థం. రెండూ చెబుతారు. మన పెళ్ళి అడుగుల అర్థాన్ని తీసుకుంది. మాటల అర్థం ఖాళీగా మిగిలిపోయింది. పాతికేళ్ళ వేడుకకు నాకు దొరికిన దారం అదే.

దానికి ముందు ఆ పాతిక ఎక్కడిదో ఒక్క మాట. మనకూ రెండో పెళ్ళి లాంటిది ఉంది, షష్టిపూర్తి. మళ్ళీ తాళి కడతారు, తలంబ్రాలు పోస్తారు. కానీ అది లెక్కించేది పెళ్ళి వయసు కాదు, మగాయన వయసు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాలు తిరిగి, ఆయన పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వస్తుంది, అప్పుడు శాంతి చేయిస్తారు. భార్యకు అరవై నిండితే ఆ పేరుతో ఏ పీటా వెయ్యరు. పాతికకు పండగ చెయ్యడం యూరప్ నుంచి వచ్చింది. యూదుల గ్రంథాల్లో జూబ్లీ అంటే ఏడేళ్ళు ఏడుసార్లు గడిచాక వచ్చే యాభయ్యో ఏడు, బాకీలు, బానిసత్వాలు తీరిపోయే ఏడు. రోమ్‌లో పోపులు దాన్ని చర్చి పండగగా మార్చారు. మనిషి జీవితంలో ఒక్కసారైనా అందాలని 1470లో రెండో పాల్ పోపు దాన్ని పాతికేళ్ళకు దించాడు. జర్మన్ ప్రాంతాల్లో పాతికేళ్ళు కాపురం చేసినామెకు వెండి దండ పెట్టేవారట, వెండి పండగ అనే పేరు ఆ వైపుదే. మనకు మాత్రం సిల్వర్ జూబ్లీ అంటే మొన్నమొన్నటి దాకా పాతిక వారాలు ఆడిన సినిమా. నాకు నచ్చింది ఆ మొదటి అర్థంలోని బాకీ సంగతి. అది తర్వాత పనికొచ్చింది.

ప్రమాణం ఇద్దరూ తమ నోటితో చెప్పుకోవాలన్న పట్టుదల కూడా అటు వైపు పాతదే. ఇంగ్లండులో చర్చి పూజంతా లాటిన్‌లో నడిచిన రోజుల్లోనే, పెళ్ళిలో మాట ఇచ్చుకునే చోట మాత్రం ఇంగ్లీషు ఉండేది. దేవుడికి చెప్పేది ఏ భాషలోనైనా చెప్పవచ్చు, ఒకరికొకరు ఇచ్చే మాట మాత్రం ఇద్దరికీ అర్థం కావాలి కదా. 1549లో వచ్చిన ప్రార్థన పుస్తకం ఆ మాటల్నే స్థిరపరిచింది. బాగున్నా బాగాలేకపోయినా, కలిగినా లేకపోయినా, జబ్బులోనూ ఆరోగ్యంలోనూ అని ఇద్దరూ ఒకేలా చెప్పాలి. ఒక్క తేడా, భార్య లోబడి ఉంటానని కూడా అదనంగా చెప్పాలి. ఆ మాట లేని పాఠం రావడానికి 1928 దాకా పట్టింది. కాబట్టి నోరిచ్చినంత మాత్రాన సమానం అయిపోయిందనుకోనక్కర్లేదు.

మన దేశంలో చట్టం చెప్పించే మాట 1872 నాటి వివాహ చట్టంలో ఉంది, 1954 ప్రత్యేక వివాహ చట్టంలోకీ వచ్చింది. రిజిస్ట్రారు ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట, తమకు తెలిసిన ఏ భాషలోనైనా, నిన్ను చట్టబద్ధంగా భర్తగా స్వీకరిస్తున్నానని ఆమె, భార్యగా స్వీకరిస్తున్నానని ఆయన చెప్పాలి. ఆమె చెప్పకపోతే ఆ పెళ్ళి చెల్లదు. మన తెలుగులో త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పెళ్ళి తంతు తెలుగులోనే నడవాలని 'వివాహ విధి' రాసి, తానే పెళ్ళిళ్ళు చేయించారు. తెనాలి చుట్టుపక్కల పాత తరం వాళ్ళను కదిపితే ఇప్పటికీ ఆ పెళ్ళిళ్ళ కబుర్లు చెబుతారు.

ఇంత చరిత్ర నేను తవ్వడానికి కారణం మా అన్నయ్యా వదినా. మొన్న మాఘమాసంలో వాళ్ళకు పాతికేళ్ళు నిండాయి. డాబా మీద షామియానా వేసి, అరవై మందిని పిలిచి, ఇద్దరి చేత నాలుగు మాటలు చెప్పించాలని పిల్లలు పట్టుబట్టారు. "అత్తా, నువ్వు తెలుగు చదివావు, నువ్వే రాయాలి" అని మేనకోడలు ఫోను. మా పెద్దమ్మ "షష్టిపూర్తి దాకా ఆగలేరూ?" అంది. అప్పటికి వదిన స్నేహితులు ఎంతమంది తిరగగలిగే స్థితిలో ఉంటారో అని వదినే జవాబు చెప్పింది. ఆమె హాస్టల్ స్నేహితురాళ్ళు నలుగురు, ఒకామెకు అప్పటికే మోకాళ్ళు రెండూ మార్చారు.

మొదటి చిక్కు సర్వనామం దగ్గర వచ్చింది. ఇంగ్లీషులోనో సంస్కృతంలోనో అయితే ఇద్దరూ ఒకే మాట వాడవచ్చు. తెలుగులో ఆయన ఈమెను నువ్వంటాడు, ఈమె ఆయన్ను మీరంటుంది. ఒకే ప్రమాణం ఇద్దరి చేతా చెప్పిస్తే "నిన్ను చూసుకుంటాను", "మిమ్మల్ని చూసుకుంటాను" అని పక్కపక్కన నిలబడి, ఆ తేడా మైకులో మోగుతుంది. వదినను నువ్వు అనమంటే, "పాతికేళ్ళ నోరు ఒక్క పూటలో తిరుగుతుందా, పైగా అత్తగారి తరఫు వాళ్ళంతా అక్కడే ఉంటారు" అంది. అన్నయ్య చేత మీరు అనిపించి చూశాం. బ్యాంకు మేనేజరుతో మాట్లాడుతున్నట్టు ఉందని పిల్లలు పడీ పడీ నవ్వారు.

చివరికి రెండు పనులు చేశాం. ఇద్దరి చేతా ఒకే వాక్యం చెప్పించే ఆలోచన మానేశాం. పాతికేళ్ళలో ఇద్దరూ చేసినవి ఒకటి కావు కదా, చెప్పేవి ఎందుకు ఒకటి కావాలి? రెండోది, వాగ్దానం వచ్చే చోటల్లా వీలైనంతవరకు 'మనం' వాడాం. మన భాషకు ఉన్న అదృష్టం ఇది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూస్తూ చెప్పేదానికి మనం. పిల్లల వైపు, స్నేహితుల వైపు తిరిగి చెప్పేదానికి మేము. ఎవరితో మాట్లాడుతున్నారో ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది.

సప్తపదిలోని ఏడు కారణాలనే వరసగా పెట్టుకుని, అడుగుకొక మాట రాశాను. పెళ్ళినాటి మంత్రాలన్నీ ముందుకు చూసేవి, ఇలా అవ్వాలి, అలా కావాలి అని. పాతికేళ్ళ తర్వాత అలా రాస్తే ఎన్నికల ప్రసంగంలా ఉంటుంది, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అసలు కథ తెలుసు. కాబట్టి ప్రతి మాటలోనూ ముందు జరిగిందేదో ఒకటి, తర్వాత ఇకపై చేసేది ఒకటి. చేసేది చిన్నదై ఉండాలి, చెయ్యకపోతే ఇంట్లోవాళ్ళకు తెలిసిపోయేదై ఉండాలి. జీవితాంతం కంటికి రెప్పలా లాంటివి కొట్టేశాను. తెలుసుకోవడం తేలికే. "చేశావా, లేదా?" అని మర్నాడు అడగగలిగితే అది మాట. అడగలేకపోతే అది అలంకారం.

మొదటిది అన్నం. అన్నయ్య చెప్పేది ఇలా వచ్చింది: "నేను రాత్రి ఎంత ఆలస్యంగా వచ్చినా నువ్వు తినకుండా కూర్చున్నావు. నేనెప్పుడూ వద్దనలేదు. ఇకనుంచి మనలో ఎవరికి ఆకలేస్తే వాళ్ళు ముందు తిందాం. ఆదివారం వంట నాది." రెండోది, బలం, వదినది: "మీకు స్టెంట్ వేసిన ఏడాది నేను నిద్రలో కూడా మీ ఊపిరి విన్నాను. ఇకనుంచి నా బీపీ మాత్ర సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. పొద్దున్న నడక మనం ఇద్దరం వెళదాం." మూడోది వ్రతం. కోపం వస్తే మూడేసి రోజులు మాట్లాడకపోవడం మా అన్నయ్య వ్రతం, ఊరందరికీ తెలుసు. "మౌనం మర్నాటి కాఫీ దాటనివ్వను" అని రాసుకున్నాడు, అక్షరాలా ఆయన రాసిందే. నాలుగోది సుఖం, చాలా పొట్టిది, వదిన చెప్పేది: "ఏటా నాలుగు రోజులు నా స్నేహితురాళ్ళతో వెళతాను. వెళ్ళి వచ్చాక కబుర్లన్నీ చెబుతాను, మీరు వినాలి."

అయిదోది పశువులు. ఇప్పుడు పశువులెక్కడివి, ఇంటి ఆస్తి అనుకుని రాయబోయాం. ఇక్కడే అసలు కష్టం వచ్చింది.

వదిన పెళ్ళినాటికి ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఏడో ఏట మా అమ్మకు పక్షవాతం వచ్చింది. వదిన ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయింది. అమ్మ తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. ఆ తొమ్మిదేళ్ళ గురించి మా ఇంట్లో అందరం మంచిగానే మాట్లాడతాం, ఎంత బాగా చూసిందో అని. ఉద్యోగం గురించి మాత్రం ఎవరూ ఎత్తం. అన్నయ్య మొదటి చిత్తులో "నా తల్లి కోసం నువ్వు చేసిన త్యాగం" అని రాశాడు. నాకూ బాగానే అనిపించింది. వదిన కాగితం చదివి, ఆ మాట మీద వేలు పెట్టి ఆగింది. "త్యాగం అంటే నా దగ్గరున్నది నేను ఇవ్వడం. నన్నెవరూ అడగలేదు, నేను ఇవ్వలేదు. అది పోయింది, అంతే" అంది. గొంతు పెంచలేదు. పిల్లాడు ఫోను పక్కన పెట్టేశాడు.

అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. పిల్లల ముందు ఇదెందుకు, ఈ వాక్యం తీసేద్దాం అన్నాడు ముందు. నిజంగా ఆలోచించాల్సిన విషయమే. ఇలాంటి సభలో పాత గాయాలు పెట్టకూడదనే చాలామంది అంటారు. పెడితే వచ్చినవాళ్ళు తలలు దించుకుంటారు, పెట్టకపోతే మిగతావన్నీ పూలదండలవుతాయి. మేం ఒక కొలత పెట్టుకున్నాం. తప్పు ఎవరి వైపుదో వాళ్ళే చెప్పాలి. రెండోవాళ్ళు దాన్ని ఎత్తితే అది ఫిర్యాదవుతుంది, తనే చెబితే ఒప్పుకోలవుతుంది. ఎవరూ చెప్పలేకపోతే దాన్ని సభలోకి తేకూడదు, గదిలోనే ఉంచుకోవాలి. మర్నాడు పొద్దున్న అన్నయ్యే మళ్ళీ రాసుకొచ్చాడు: "మా అమ్మ కోసం నీ ఉద్యోగం పోయింది. నేను నిన్ను అడగను కూడా అడగలేదు. ఆ బాకీ నా మీద ఉంది." ఆ తర్వాత ఇకపై చేసేది కావాలి కదా. డబ్బు మాటలు రెండు మూడు రాసి కొట్టేశాడు. వదినే చెప్పింది, ముందు గదిలో సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటాననీ, ఆ రెండు గంటలూ తనను ఎవరూ టీకి పిలవకూడదనీ. ఆ వాక్యం అలాగే పెట్టాం.

ఆరోది ఋతువులు. వానకు ఒకసారి ఇల్లు కురిసిన కథ, ఒక వేసవిలో పాపకు అమ్మవారు పోసిన కథ, ఇద్దరూ చెరో వాక్యం పంచుకున్నారు. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, తేలిగ్గానే కుదిరింది.

ఏడోది స్నేహం. మంత్రంలో అడిగిందే అన్నయ్య తెలుగులో అడగాలి. వదిన జవాబు నేను రాయలేదు. ఆ చోట కాగితం మీద ఖాళీ వదిలాను. వేల పెళ్ళిళ్ళలో ఆగకుండా దాటిపోయిన చోటు అది, నేను పూరిస్తే ఏం బాగుంటుంది? అడిగాక ఎంతసేపైనా ఆగమని అన్నయ్యకు చెప్పాను, మైకు ఆమె చేతికివ్వమని మాత్రం గట్టిగా చెప్పాను. ఒకే మైకు ఉన్నప్పుడు అది మగవాళ్ళ చేతిలోనే ఉండిపోతుంది, చాలా వేడుకల్లో చూశాను.

ఆ రోజు పురోహితుడు గారూ వచ్చారు. మళ్ళీ తాళి కట్టించమంటారా అని అడిగారు. వదిన వద్దంది, ఉన్నది తెగలేదు కదండీ అంది. ఆయనా నవ్వి, ముందు గణపతి పూజ, ఆఖర్న ఆశీర్వచనం చాలన్నారు. మధ్యలో మాటలు వీళ్ళవి. చట్టం లెక్కలో ఈ తంతుకు ఏ విలువా లేదు, పెళ్ళి పాతికేళ్ళ కిందట ఏడో అడుగు దగ్గరే పూర్తయింది. అందుకే ఇందులో ఏ మాట పెట్టాలన్నా, ఏది తియ్యాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పేర్లతో మొదలుపెట్టారు. ఒకరి పేరు ఒకరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పారు, వదిన తన పుట్టింటి ఇంటిపేరు కూడా కలిపి చెప్పుకుంది. అయిదో మాట దగ్గర అన్నయ్య కాగితం వైపు చూడలేదు. హాస్టల్ స్నేహితురాళ్ళ వరసలో ఒకావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అంతే, అంతకంటే ఏమీ జరగలేదు. ఎవరూ తల దించుకోలేదు.

ఏడో మాట అడిగి అన్నయ్య మైకు ఇచ్చాడు. వదిన కాసేపు ఊరుకుంది. తర్వాత అంది, "స్నేహితులమే. అప్పుడు కాదు. ఎప్పుడో మధ్యలో అయ్యాం. ఎప్పుడో నాకూ సరిగ్గా తెలీదు." అందరూ నవ్వారు, అన్నయ్య మాత్రం నవ్వలేదు.

మొత్తం ఎనిమిది నిమిషాలు పట్టింది. పాతికేళ్ళవాళ్ళకు రాయబోయే వాళ్ళెవరైనా ఉంటే, ఇంతకంటే పొడుగు వద్దు. వెనక వరసల్లో చంటిపిల్లలు ఏడుస్తారు, వంటవాళ్ళు పులుసు చల్లారిపోతోందని కిందనుంచి కబుర్లు పంపుతారు. కాగితం మీద అక్షరాలు పెద్దవిగా రాయండి, ఆ వయసుకు చత్వారం వచ్చి ఉంటుంది. మాకు పిల్లల చేత సాక్షి మాటలు కూడా చదివించాలని ఉండింది. మేనల్లుడు తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. వాడు వాళ్ళ అక్క చేత చదివించుకుని రెండు రోజులు కూర్చుని బట్టీ పట్టాడు.